ఇరవై చుక్కల కాగితం



ఈ వారం వాక్యధ్యానం కాదు, నా బల్ల మీద ఉన్న ఒక కాగితం గురించి రాస్తున్నాను. "చేయాల్సినవన్నీ రాసుకుంటున్నాను అయ్యగారూ, అయినా ఏదో ఒకటి మర్చిపోతూనే ఉన్నాను" అని మీలో చాలామంది నాతో అన్నారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాసుకున్నాను, అలాగే మర్చిపోయాను. దానివల్ల మన సంఘంలో ఒక కుటుంబానికి నష్టం కలిగింది. మొదట ఆ సంగతి ఒప్పుకోవాలి.

గత సంవత్సరం మే నెలలో ఒక గురువారం మన సంఘపు అమ్మాయి పెళ్లి జరగాల్సి ఉంది. మన సంఘ పద్ధతి మీకు తెలుసు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో వివాహ ప్రకటన చదవాలి. నేను మొదటి ఆదివారం చదవడం మర్చిపోయాను. శుభలేఖలు అచ్చయిపోయాయి, హాలుకు అడ్వాన్సు కట్టేశారు. చివరికి పెళ్లి ఒక వారం వెనక్కి జరిగింది, ఆ అడ్వాన్సు పోయింది. పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పర్వాలేదండి అయ్యగారూ, మనుషులం కదా" అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ పని నేను రాసుకోలేదా అంటే, రాసుకున్నాను. ఇంటికి వెళ్లి పుస్తకం తీసి చూస్తే పద్నాలుగో వరుసలో "పెళ్లి ప్రకటన" అని ఉంది. దాని పైన "గేటు తాళం", కింద "కుర్చీలు లెక్క" ఉన్నాయి. మూడింటి ముందూ ఒకే రకం చుక్క. రోజూ ఆ పేజీ చూశాను, రోజూ గేటు తాళంతో పాటే దాన్నీ చూసి దాటిపోయాను. జ్ఞాపకం ఉంచుకోవడానికి చుక్కల వరుస సరిపోతుంది గానీ, ఏది ముందు చేయాలో, ఏది దేనికోసం ఆగి ఉందో అది చెప్పదు. అది ఇంకో కాగితం చేయాల్సిన పని.

ఆ రెండో కాగితం నేను ఎలా తయారు చేస్తున్నానో, మొన్నటి వారం లెక్కతోనే చెప్తాను. 2024 నవంబర్ 3, ఆదివారం రాత్రి. భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు కూర్చుని తలలో ఉన్నదంతా వచ్చింది వచ్చినట్టే రాశాను. ఈ మొదటి కాగితం రాసేటప్పుడు సర్దకూడదు. సర్దుతూ రాస్తే, ఏ వరుసలోనూ ఇమడని చిన్న పనులు లోపలే ఉండిపోతాయి. అది ఇదిగో:

• ట్యూబ్ లైటు
• పెళ్లి
• సండే స్కూల్ డ్రామా
• బ్యాంకు
• రైల్వే మామ్మగారి పెన్షన్
• లెక్కలు
• కోత పండుగ పందిరి
• మైకు సెట్టు
• బీపీ మాత్రలు
• వేలం పుస్తకం
• పెళ్లికూతురి సంఘం ఉత్తరం
• బుధవారం వాక్యం
• క్రిస్మస్ నక్షత్రం
• ట్రెజరర్ సంతకం
• ఆస్పత్రి
• బైకు సర్వీసు
• అబ్బాయి స్కూల్ మీటింగ్
• బయటి బోధకునికి ఫోను
• యౌవనస్థులు
• పాస్‌బుక్

ఇరవై చుక్కలు. మా ఇంట్లో అమ్మగారు భుజం మీద నుంచి చూసి, "ఏమండీ, ఇందులో రేపు పొద్దున్న లేచి చేసేది ఏది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రాయడం అయిపోగానే పని సగం అయిపోయిందనుకునే మనిషికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

మొదట మాటలను పనులుగా మార్చాను. "పెళ్లి" అన్నది పని కాదు, దానిలో పది పనులు ఉన్నాయి. "యౌవనస్థులు" అన్నది అసలు పనే కాదు, ఒక బరువు. ప్రతి చుక్క దగ్గరా ఆగి, "ఇందులో నా చెయ్యి గానీ, కాలు గానీ, నోరు గానీ మొదట చేసేది ఏమిటి?" అని అడుగుతాను. "బ్యాంకు" అంటే పాస్‌బుక్‌లో లావాదేవీలు ఎక్కించుకు రావడం. అంటే చివరి చుక్క, నాలుగో చుక్క ఒకే పని. "యౌవనస్థులు" అంటే, వాలీబాల్ దగ్గర జరిగిన గొడవ తర్వాత ఆరాధనకు రావడం మానేసిన ఇద్దరు అబ్బాయిల ఇళ్లకు వెళ్లి కూర్చోవడం. ఇలా రాసేసరికి ఆ బరువు కాస్తా ఒక సాయంకాలం పని అయ్యింది.

తర్వాత వాటిని గుంపులుగా విడదీశాను. డేవిడ్ ఆలెన్ అనే అమెరికా రచయిత 2001లో వచ్చిన "గెటింగ్ థింగ్స్ డన్" అనే తన పుస్తకంలో, ఒకటి కంటే ఎక్కువ మెట్లు ఉన్న ప్రతి పనినీ ప్రాజెక్టు అనే పిలుస్తారు. పెద్ద కట్టడాలకే ఆ మాట వాడాలని లేదు. ఆ లెక్కన నా కాగితంలో పెళ్లికి రెండు చుక్కలు, సంఘం లెక్కలకు నాలుగు, కోత పండుగకు నాలుగు, మామ్మగారి పెన్షన్‌కు ఒకటి, క్రిస్మస్‌కు రెండు వచ్చాయి. ఆస్పత్రి, యౌవనస్థులు కలిపి "మనుషులు" అని ఒక గుంపు. మాత్రలు, బైకు, స్కూలు కలిపి "ఇల్లు". ట్యూబ్ లైటు, బుధవారం వాక్యం విడి పనులు. మొత్తం ఇరవై. గుంపు చేశాక తప్పకుండా లెక్క సరిచూస్తాను, ఎందుకంటే ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మార్చేటప్పుడే పనులు జారిపోతాయి.

గుంపు చేస్తే ఒక ఉపయోగం వెంటనే కనిపిస్తుంది. "లెక్కలు", "ట్రెజరర్ సంతకం", "పాస్‌బుక్" విడివిడిగా ఉన్నప్పుడు మూడు సమానమైన పనుల్లా ఉన్నాయి. ఒక చోట పెట్టగానే ఒకదాని వెనుక ఒకటి నిలబడ్డాయి. పాస్‌బుక్ లేకుండా లెక్క తేలదు, లెక్క తేలకుండా ట్రెజరర్ సంతకం పెట్టరు.

ఇప్పుడు అసలైన మెట్టు గడువు. ఇక్కడే నేను గత సంవత్సరం పడిపోయాను. ప్రతి గుంపుకూ రెండు తేదీలు రాయాలి. ఒకటి పని ముగియాల్సిన తేదీ. రెండోది మొదలుపెట్టడానికి ఆఖరి తేదీ. మొదటిది అందరికీ తెలుసు, క్యాలెండర్ మీద సున్నా చుట్టి ఉంటుంది. రెండోది వెనక్కి లెక్కపెడితేనే తెలుస్తుంది. వారపు ప్రణాళికలోకి ఎక్కాల్సింది ఆ రెండోదే.

పెళ్లి గుంపు చూడండి. ఈసారి పెళ్లి నవంబర్ 27, బుధవారం. నాకు ఇంకా మూడు వారాలకు పైగా ఉన్నట్టు అనిపించింది. వెనక్కి లెక్కపెట్టాను. పెళ్లికి ముందు మూడో ప్రకటన 24న, రెండోది 17న, మొదటిది 10న. అంటే వచ్చే ఆదివారమే. ఒక్క ఆదివారం కూడా మిగులు లేదు. మొదటి ప్రకటన చదవాలంటే పెళ్లికూతురి సంఘం నుంచి ఉత్తరం 9వ తేదీ శనివారానికి నా చేతిలో ఉండాలి. ఆ సంఘం వేరే మండలంలో ఉంది. అక్కడి పాస్టరు గారు రిజిస్టరు చూసి, రాసి, సంతకం చేసి, ఎవరితోనైనా పంపాలి. అందుకు నాలుగైదు రోజులైనా ఇవ్వాలి. అంటే ఫోను సోమవారం ఉదయమే చేయాలి. క్యాలెండర్‌లో 27న ఉన్న పని, నిజానికి మర్నాడు పొద్దున్న పని. రెండో వరుసలో "పెళ్లి", పదకొండో వరుసలో "ఉత్తరం" అని దూరం దూరంగా పడి ఉన్నంతసేపు ఈ సంగతి నాకు కనిపించలేదు.

లెక్కలకూ అలాగే చేశాను. అవి 12వ తేదీ మంగళవారానికి పై ఆఫీసుకు చేరాలి. సంతకం 11న అయినా పెట్టవచ్చు గానీ, తేడా వస్తే సరిచేసుకోవడానికి ఒక రోజు ఉండాలి కాబట్టి శనివారం సాయంకాలం అనుకున్నాను. అప్పటికి పాస్‌బుక్ కావాలి. 9వ తేదీ రెండో శనివారం, బ్యాంకు సెలవు. కాబట్టి శుక్రవారం లోపు బ్యాంకుకు వెళ్లి తీరాలి.

రైల్వే మామ్మగారి సంగతి ఇంకోలా ఉంది. వారిది కుటుంబ పెన్షన్. బ్రతికి ఉన్నట్టు ధృవీకరణ ఏటా నవంబర్‌లో ఇవ్వాలి, గడువు 30వ తేదీ. ఇవ్వకపోతే, ఇచ్చేదాకా పెన్షన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. నెలాఖరు దాకా సమయం ఉంది కదా అని వదిలేయవచ్చు. కానీ మామ్మగారి వేళ్ల రేఖలు అరిగిపోయాయి, వేలిముద్ర మెషిన్ తీసుకోవడం లేదు. ముఖం చూపించి ఫోనులోనే జీవన్ ప్రమాణ్ చేసే పద్ధతి ఉంది. దానికి ఆధార్, పెన్షన్ ఉత్తర్వు మీద ఉండే పీపీవో నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు, ఓటీపీ రావడానికి ఫోను దగ్గర పెట్టుకోవాలి. ఆ పీపీవో కాగితం ఏ పెట్టెలో ఉందో ఆవిడకే తెలియదు. ఆఖరి పని నెలాఖరుకు అయినా, "మామ్మగారూ, ఆ కాగితం వెతికి ఉంచండి" అని చెప్పే పని ఈ వారానిది. బుధవారం గృహకూటం వారి వీధిలోనే, అక్కడ చెప్తే చాలు.

కోత పండుగ 24న. పందిరి, మైకు అప్పటికి ఉంటే చాలు అనిపిస్తుంది. కానీ కార్తీకంలో మన చుట్టుపక్కల పెళ్లిళ్లు ఎక్కువ, సామాను అద్దెకిచ్చేవారు ముందే ఖాళీ లేకుండా అయిపోతారు. కాబట్టి అడ్వాన్సు ఈ వారమే ఇవ్వాలి. అది నేనే చేయనక్కరలేదని కూడా గుంపు చేసినప్పుడే తట్టింది. సంఘ పెద్ద ఒకరికి అప్పగించి, నా కాగితంలో "పందిరి, మైకు: పెద్దగారికి చెప్పాను, శనివారం అడగాలి" అని రాసుకున్నాను. ఇతరులకు అప్పగించిన పని మన కాగితం మీద నుంచి పోకూడదు. అడగాల్సిన రోజుగా మారి అక్కడే ఉండాలి.

ఇక వారంలోకి సర్దడం. ఇక్కడ నేను గంటలు లెక్కపెట్టను. పల్లెటూరి పరిచర్య గంటలకు లొంగదు, పూటలకు లొంగుతుంది. వారానికి పద్నాలుగు పూటలు. అందులో ఆదివారం రెండూ, బుధవారం రెండూ, శుక్రవారం ఉపవాస ప్రార్థన పూట, శనివారం ఉదయం వాక్యం సిద్ధపాటు, ఇవి ఆరు ముందే నిండి ఉన్నాయి. మిగిలినవి ఎనిమిది. వాటిలో రెండు ఖాళీగా వదిలేశాను. పని లేక కాదు. మన ఊళ్లో ఎవరికైనా సుస్తీ చేస్తే, ఎవరైనా కన్నుమూస్తే ముందుగా చెప్పి రాదు. ఆ ఖాళీ పూటల్లో ఏమీ రాయకుండా ఉండటం ఈ పద్ధతి మొత్తంలో నాకు చాలా కష్టమైన మెట్టు. అంటే నా చేతిలో ఉన్నది ఆరు పూటలు. వాటిలో పట్టింది ఇంత:

సోమవారం ఉదయం: పెళ్లికూతురి సంఘం పాస్టరు గారికి ఫోను, బయటి బోధకునికి ఫోను, పెద్దగారికి పందిరి సంగతి.
సోమవారం సాయంకాలం: రసీదులు తేదీల ప్రకారం సర్దడం.
మంగళవారం ఉదయం: మండల కేంద్రంలో పాస్‌బుక్, బీపీ మాత్రలు, ట్యూబ్ లైటు, బైకు సర్వీసు.
మంగళవారం సాయంకాలం: అక్కడే ఆస్పత్రిలో ఉన్న సహోదరుణ్ణి చూడటం.
బుధవారం: వాక్యం, కూటం. మామ్మగారికి కాగితం సంగతి చెప్పడం.
గురువారం ఉదయం: ఖాళీ.
గురువారం సాయంకాలం: ఇద్దరు అబ్బాయిల ఇళ్లు.
శుక్రవారం సాయంకాలం: ఖాళీ.
శనివారం సాయంకాలం: ట్రెజరర్ గారితో లెక్కలు, సంతకం. ఉత్తరం చేరిందా? పందిరి కుదిరిందా?

కింద ఒక గీత గీసి "ఈ వారం కాదు" అని రాశాను. దాని కింద సండే స్కూల్ డ్రామా, నక్షత్రం, వేలం పుస్తకం, 16న జరిగే స్కూల్ మీటింగ్ రాశాను. ఆ గీత లేకపోతే మనసు ఆ నాలుగింటినీ వారమంతా తవ్వుతూనే ఉంటుంది.

అబ్బాయిల సంగతి కూడా గమనించండి. దానికి గడువు లేదు. ఎవరూ నన్ను అడగరు, ఏ ఆఫీసు నుంచీ ఉత్తరం రాదు. గడువు ప్రకారమే సర్దితే అలాంటి పనులు ఎప్పుడూ అడుగునే ఉండిపోతాయి. తేదీలున్న కాగితాలు మనుషులను పక్కకు తోసేస్తాయి. అందుకే గడువు లేని గుంపు నుంచి వారానికి ఒక్కటైనా తీసి, దానికి నేనే ఒక పూట రాసిపెడతాను.

వారం అనుకున్నట్టు జరిగిందా అంటే, లేదు. బుధవారం రాత్రి మన సంఘంలో ఒక పెద్దాయన నిద్రపోయారు. గురువారం రెండు పూటలూ భూస్థాపన కార్యక్రమానికే సరిపోయాయి. పాత పద్ధతిలో అయితే వారమంతా చెదిరిపోయేది. ఇప్పుడు ఒక్క పనే చెదిరింది, అబ్బాయిల ఇళ్లకు వెళ్లడం. శుక్రవారం ఖాళీ పూటలోకి దాన్ని జరిపాను. వెళ్లాను. ఒకడు మాట్లాడాడు, ఇంకొకడు పెరట్లోకి వెళ్లిపోయాడు. వాళ్ల అమ్మ టీ ఇచ్చింది. మళ్లీ వెళ్లాలి.

ఉత్తరం శనివారం పదకొండు గంటలకు బస్సులో వచ్చిన ఒక సహోదరుని చేతికి అందింది. ఆ పాస్టరు గారు మంగళవారం నుంచి గురువారం దాకా ఊళ్లో లేరట. సోమవారం ఫోను చేయడం వల్ల బయలుదేరే ముందే రిజిస్టరు చూసి, రాసి ఇంట్లో పెట్టి వెళ్లారు. గురువారం గుర్తొచ్చి ఉంటే నేను భూస్థాపన దగ్గర ఉండేవాణ్ణి, ఆయన ఊళ్లో ఉండేవారు కాదు. 10వ తేదీ ఆరాధనలో మొదటి ప్రకటన చదివాను. మీరంతా విన్నారు గానీ, చదువుతున్నప్పుడు నా గొంతు ఎందుకు తడబడిందో మీకు తెలియదు.

జరగని పని కూడా చెప్పాలి. బైకు సర్వీసు కాలేదు. మూడు వారాలుగా అది ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కుతూనే ఉంది. ఒకే పని మూడోసారి రాస్తున్నామంటే బద్ధకమని తిట్టుకోనక్కరలేదు, ఆ పనిని తప్పుగా రాశామని అర్థం. సాధారణంగా మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. దాని ముందు మనం రాయని మెట్టు ఒకటి ఉంది, లేదా మనం ఇంకొకరి కోసం ఆగి ఉన్నాం, లేదా అది మనం చేయాల్సిన పని కాదు. నా విషయంలో మొదటిది. మంగళవారం మెకానిక్ "రేపు సాయంకాలం ఇస్తాను" అన్నాడు. బైకు లేకుండా బుధవారం కూటానికి వెళ్లలేను కాబట్టి తిరిగి తెచ్చేసుకున్నాను. అంటే మొదటి మెట్టు సర్వీసు కాదు, ఒక రోజుకు ఇంకో బండి అడగడం. ఈ వారం కాగితంలో "పెద్దగారి అబ్బాయిని సోమవారానికి బండి అడగాలి" అని రాశాను.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. వారం కాగితం ఒక్కసారి రాసి గోడకు అంటిస్తే పని చేయదు. బుధవారం మధ్యాహ్నం ఐదు నిమిషాలు మళ్లీ చూస్తాను. అయినవి కొట్టేస్తాను, మిగిలినవి మిగిలిన పూటల్లో పడతాయా లేదా లెక్కపెడతాను. పట్టకపోతే ఏది గీత కిందికి పోవాలో అప్పుడే నిర్ణయిస్తాను. శనివారం రాత్రి దాకా ఆగితే ఆ నిర్ణయం మన చేతిలో ఉండదు.

వచ్చే ఆదివారం 17న రెండో ప్రకటన, 24న మూడోది. 24న కోత పండుగ హడావుడి, వేలం, బయటి బోధకుడు అన్నీ ఉంటాయి. ప్రకటన మర్చిపోవడానికి అంతకంటే వీలైన రోజు లేదు. అందుకని ఆ రోజు ఆరాధన క్రమం కాగితంలో కానుకల పాటకు ముందు దాన్ని ఇప్పుడే రాసి పెట్టాను. అయినా నేను మర్చిపోయినట్టు కనిపిస్తే, ముందు వరుసలో కూర్చునే పెద్దలు మొహమాటపడకుండా చెయ్యి ఎత్తండి.

మీ ప్రార్థనలలో మమ్మును జ్ఞాపకం చేసుకోండి.

మీ పాస్టరు